ఆమోదం పొందిన రిపోర్ట్ ఒక్కటే నిలవాలంటే: డ్రాఫ్టులు, కామెంట్లు, సంతకం ఎలా నడపాలి

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "రిపోర్ట్ నలుగురికి పంపాను. నలుగురూ నాలుగు ఫైళ్లలో మార్పులు చేసి పంపారు. పైఅధికారి ఏదో ఒకదాని మీద సంతకం పెట్టారు. ఆరు నెలల తర్వాత ఎవరో రిపోర్ట్ అడిగితే రెండు కాపీలు దొరికాయి, రెండింటిలో అంకెలు వేరు. ఏది అసలు?"

ఆ స్థితికి వచ్చాక ఏది అసలో తేల్చడం చాలా కష్టం. రాకుండా చూసుకోవడం మాత్రం కష్టం కాదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు కూడా. వర్డ్, ఒక ఎక్సెల్ షీట్, అందరూ చూడగలిగే ఒక ఫోల్డర్ చాలు. వంద పేజీల లోపు ఉండి, ముగ్గురు నలుగురు రివ్యూ చేసి, ఒకరు ఆమోదించే రిపోర్టుకు నేను వాడే పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణగా ఒక పాత భవనం పైకప్పు స్లాబును పరిశీలించి రాసిన రిపోర్ట్ తీసుకుంటాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక ఫోల్డర్, దానిలో మూడు లోపలి ఫోల్డర్లు: `01_drafts`, `02_review`, `03_record`. మూడోదానిలో ఫైల్ పెట్టే హక్కు మీ ఒక్కరికే ఉండాలి. మిగతావాళ్లు చదవగలిగితే చాలు.
- కామెంట్ల కోసం ఒక ఎక్సెల్ షీట్. ఎలా గీయాలో 4వ మెట్టులో చెబుతాను.
- ఎవరు ఏం చేస్తారో రాసిన చిన్న జాబితా: ఫైల్‌లో మార్పులు చేసేది ఎవరు, రివ్యూ చేసేది ఎవరెవరు, ఆమోదించేది ఎవరు. మార్పులు చేసేది ఒక్కరే. ఆమోదించేదీ ఒక్కరే. ఇద్దరు ఆమోదించాల్సి వస్తే, అభిప్రాయం కుదరనప్పుడు ఎవరి మాట చెల్లుతుందో డ్రాఫ్ట్ పంపక ముందే రాసుకోండి. గొడవ వచ్చాక ఆ మాట అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

1. ఫైల్ పేరు, వెర్షన్ నంబర్ ఖాయం చేయండి

పేరు ఇలా ఉండాలి:

```
roof-inspection_v0.1.docx
roof-inspection_v0.2.docx
roof-inspection_v1.0.pdf
```

సున్నాతో మొదలయ్యేదంతా డ్రాఫ్టే. 1.0 అనే నంబర్ ఆమోదం కోసమే. "ఫైనల్" అనే మాటను ఫైల్ పేరులో వాడొద్దు. `final` అని పెట్టిన రోజే ఎవరో ఒక తప్పు చూపిస్తారు, `final2` పుడుతుంది, రెండు రోజుల్లో `final_corrected` వస్తుంది. ఆ మూడింటిలో ఏది ముందో, ఏది తర్వాతో పేరు చూసి చెప్పలేం. నంబర్లయితే వరుస వాటంతట అదే తెలుస్తుంది.

ఫైల్ పేరు ఒక్కటే సరిపోదు. ప్రింట్ తీస్తే పేరు పోతుంది. అందుకే ప్రతి పేజీ అడుగున ఫుటర్‌లో రిపోర్ట్ పేరు, వెర్షన్ నంబర్, "మొత్తం ఇన్నింటిలో ఇన్నో పేజీ" అనే లెక్క ఉండాలి. ఒక విడి కాగితం చేతికి వచ్చినా అది ఏ వెర్షన్‌దో తెలియాలి.

2. మొదటి పేజీ వెనక వెర్షన్ల పట్టిక పెట్టండి

నాలుగు గడులు చాలు: వెర్షన్, తేదీ, ఎవరు చేశారు, ఏం మారింది. "చిన్న సవరణలు" అని రాయొద్దు. "పట్టిక 4లో పగుళ్ల సంఖ్య సవరణ, కామెంట్ 23" అని రాయండి. ఇంతకంటే వివరం ఇక్కడ అక్కర్లేదు, మిగతాది కామెంట్ల షీట్ చూసుకుంటుంది.

3. రివ్యూకు పంపేటప్పుడు ఆ వెర్షన్‌ను కదపకండి

v0.2 రివ్యూకు వెళ్లిందంటే, కామెంట్లన్నీ తిరిగి వచ్చేదాకా v0.2ను ముట్టుకోకూడదు. ఈలోపు మీకే ఒక తప్పు కనబడితే దాన్ని కూడా కామెంట్ల షీట్‌లో మీ పేరుతో ఒక కామెంట్‌గా రాసుకోండి. వెంటనే దిద్దేయాలనిపిస్తుంది. దిద్దితే రివ్యూ చేసేవాళ్లు చెప్పే పేజీ, లైన్ మీ ఫైల్‌లో ఉండవు.

పంపేది పీడీఎఫ్ అయితే మంచిది. వర్డ్‌లో `Layout` > `Line Numbers` > `Continuous` పెట్టి, ఆ తర్వాత పీడీఎఫ్ చేయండి. లైన్ నంబర్ ఉంటే "మూడో పేజీలో ఎక్కడో పగుళ్ల గురించి రాశారే, అది" అనే కామెంట్లు రావు. పట్టికల లోపల లైన్ నంబర్లు రావు కాబట్టి ప్రతి పట్టికకు, దానిలోని ప్రతి వరుసకు మీరే నంబర్ ఇవ్వండి. వర్డ్ ఫైల్ నేరుగా పంపితే ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఫాంటు తేడా వల్ల లైన్లు జరిగిపోతాయి. పీడీఎఫ్‌లో ఆ ఇబ్బంది లేదు.

పంపే మెయిల్‌లో మూడు విషయాలు ఉండాలి: ఏ వెర్షన్, ఎవరు ఏ భాగం చూడాలి, ఏ తేదీలోగా. ఆ తేదీ దాటితే ఏమవుతుందో కూడా రాయండి: "ఆ రోజు తర్వాత వచ్చినవి తర్వాతి వెర్షన్‌లో చూస్తాం." ఒక హెచ్చరిక. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనే నియమం ఎవరికీ ముందుగా చెప్పకుండా పెట్టకండి. సాంకేతికంగా కీలకమైన భాగం చూడాల్సిన మనిషి విషయంలో అసలే పెట్టకండి. ఆయన దగ్గర నుంచి "చూశాను, కామెంట్లు లేవు" అనే ఒక వాక్యమైనా తెప్పించుకోండి.

*ఇంకో దారి:* అందరూ ఆన్‌లైన్‌లో ఒకే ఫైల్ మీద పనిచేసే అలవాటుంటే, రివ్యూ చేసేవాళ్లకు కామెంట్ పెట్టే హక్కు మాత్రమే ఇవ్వండి, మార్చే హక్కు వద్దు. గూగుల్ డాక్స్‌లో అయితే రివ్యూ మొదలయ్యే ముందు `File` > `Version history` > `Name current version` లోకి వెళ్లి దానికి v0.2 అని పేరు పెట్టండి. అక్కడ ఎవరైనా `Resolve` నొక్కితే కామెంట్ పక్కకు తొలగి కంటికి కనబడదు. అందుకని ప్రతి కామెంట్‌నూ షీట్‌లోకి ఎక్కించే పని ఇక్కడ కూడా తప్పదు.

4. కామెంట్లన్నీ ఒకే షీట్‌లోకి

మెయిల్‌లో వచ్చినవి, ఫోన్‌లో చెప్పినవి, ప్రింట్ మీద పెన్నుతో రాసినవి, ఏ దారిలో వచ్చినా అన్నీ ఇక్కడికే రావాలి. షీట్‌లో ఈ గడులు పెట్టుకోండి: నంబర్, ఎవరు, ఏ వెర్షన్ మీద, పేజీ/లైన్, కామెంట్, రకం, మన జవాబు, నిర్ణయం, ఎక్కడెక్కడ మారింది, ముగిసిందా.

కామెంట్ గడిలో వాళ్ల మాటలే ఉంచండి, మీ మాటల్లోకి మార్చకండి. ఫోన్‌లో చెప్పినవాటిని రాసి, "మీరు చెప్పింది ఇదేనా?" అని వాళ్లకు మెయిల్ పెట్టి ఖాయం చేసుకోండి. ఒకే కామెంట్‌లో రెండు విషయాలుంటే 17ఎ, 17బి అని రెండు వరుసలు చేయండి. లేకపోతే ఒకటి దిద్ది రెండోది మర్చిపోతారు, వరుస మాత్రం "ముగిసింది" అని చూపిస్తుంది.

రకం గడిలో మూడే: తప్పనిసరి, సూచన, అక్షరదోషం. నిర్ణయం గడిలోనూ మూడే: ఒప్పుకున్నాం, కొంత ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు. చివరి రెండింటికి కారణం రాయకుండా గడి వదలొద్దు. "గమనించాం" అని రాయడం నేను మానేశాను. మారిందా లేదా అన్నది ఆ మాటతో తేలదు. ఏడాది తర్వాత చదివినవాళ్లకు ఏమీ అర్థం కాదు.

ఇప్పుడు మన స్లాబ్ రిపోర్ట్‌లో ఒక కామెంట్ చూద్దాం. సారాంశంలో "0.3 మి.మీ. కంటే వెడల్పైన పగుళ్లు 11 చోట్ల ఉన్నాయి" అని ఉంది. పట్టిక 4లో మాత్రం 12 వరుసలున్నాయి. మొదటి రివ్యూయర్ కామెంట్ 17: "సారాంశంలో 12 అని దిద్దండి." రెండో రివ్యూయర్ కామెంట్ 23: "పట్టిక 4లో 9వ వరుస స్లాబు పగులు కాదు, పైన ప్లాస్టరింగ్ పగులు. తీసేయండి." ఒకరి మాట వింటే 12, ఇంకొకరి మాట వింటే 11.

ఇలాంటిచోట జరిగే తప్పు ఏమిటంటే, ముందు వచ్చిన కామెంట్ 17ను చూసి సారాంశం దిద్దేస్తారు. వారం తర్వాత 23 చూసి పట్టికలో వరుస తీసేస్తారు. ఇప్పుడు సారాంశంలో 12, పట్టికలో 11. తప్పు తిరగబడింది కానీ పోలేదు. రెండు కామెంట్లకూ "ఒప్పుకున్నాం, ముగిసింది" అని ఉంటుంది. షీట్ చూస్తే అంతా బాగున్నట్టే.

అందుకే దిద్దడం మొదలుపెట్టే ముందు షీట్ మొత్తాన్ని పేజీ/లైన్ ప్రకారం సార్ట్ చేసి, ఒకే విషయం మీద వచ్చిన కామెంట్లను ఒకచోటికి తీసుకురండి. 17కు ఎదురుగా "23తో కలిపి చూడాలి" అని రాయండి. ఆ తర్వాత అది ఏ రకం తేడానో చూడండి. వాస్తవం మీద తేడా అయితే ఆధారం దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ సైట్‌లో రాసుకున్న నోట్సు, 9వ పగులు ఫొటో తీసి చూశాం. ప్లాస్టర్ చెక్కి చూసినచోట కింద కాంక్రీటు బాగానే ఉందని నోట్సులో ఉంది. కాబట్టి 11 సరైనది. కామెంట్ 23 ఒప్పుకున్నాం. కామెంట్ 17కు జవాబు: "ఒప్పుకోలేదు. కామెంట్ 23 ప్రకారం పట్టిక 4లో 9వ వరుస తొలగింది. సారాంశంలో 11 అలాగే ఉంటుంది. ఆధారం: సైట్ నోట్సు, ఫొటో 31."

అభిప్రాయం మీద తేడా అయితే సంగతి వేరు. ఒకరు "వెంటనే మరమ్మతు చేయాలి" అనాలంటారు, ఇంకొకరు "ఆరు నెలలు గమనిస్తే చాలు" అంటారు. దీన్ని రిపోర్ట్ రాసే మనిషి తేల్చకూడదు. ఇద్దరినీ కూర్చోబెట్టండి, తేలకపోతే ఆమోదించే అధికారి దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన నిర్ణయాన్ని ఒక వాక్యంలో, తేదీతో, షీట్‌లో రాయండి. ఇద్దరినీ మెప్పించాలని "వీలైనంత త్వరగా గమనించి అవసరమైతే మరమ్మతు" లాంటి మాట రిపోర్ట్‌లో రాయొద్దు. స్లాబు కింద పనిచేసేవాళ్లకు ఆ మాట పనికిరాదు.

5. దిద్దండి: కొత్త నంబర్‌తో, ట్రాకింగ్ పెట్టి

v0.2ను v0.3గా సేవ్ చేసి, `Review` > `Track Changes` కింద `Lock Tracking` పెట్టండి. పాస్‌వర్డ్ ఇస్తే పొరపాటున కూడా ట్రాకింగ్ ఆగదు. షీట్‌లో ఒక్కో వరుస తీసుకుంటూ దిద్దండి.

"ఎక్కడెక్కడ మారింది" అనే గడి ఇప్పుడు ఉపయోగపడుతుంది. 9వ వరుస తీసేస్తే పట్టిక 4లో ఒకచోటే మారదు. తర్వాతి వరుసల నంబర్లు మారతాయి, వాటిని ప్రస్తావించిన వాక్యాలు మారతాయి, మరమ్మతు చేయాల్సిన పగుళ్ల మొత్తం పొడవు తగ్గుతుంది, దాని మీద వేసిన ఎపాక్సీ అంచనా కూడా తగ్గుతుంది. ఒక అంకె మారినప్పుడల్లా `Ctrl+F`తో పాత అంకెను రిపోర్ట్ మొత్తంలో వెతకండి. అంకెగా ఒకసారి, అక్షరాల్లో రాసి ఉంటే "పన్నెండు" అని ఇంకోసారి.

అంతా అయ్యాక `Lock Tracking` తీసేసి, `Review` > `Compare` తెరిచి v0.2, v0.3 రెండూ ఇవ్వండి. వర్డ్ తేడాలన్నీ చూపిస్తుంది. ట్రాకింగ్ ఉన్న ఫైల్ ఇస్తే ఆ మార్పులను ఒప్పుకున్నట్టు లెక్కవేసి పోలుస్తుంది, మనకు కావలసిందీ అదే. ఇక్కడ కనిపించే ప్రతి తేడాకు షీట్‌లో ఒక కామెంట్ నంబర్ ఉండాలి. నంబర్ లేని తేడా కనబడితే, ఎవరూ అడగని మార్పు లోపలికి వచ్చినట్టు. దాన్ని వెనక్కి తీయండి, లేదా కామెంట్‌గా నమోదు చేయండి.

6. కామెంట్ చెప్పినవాళ్లతోనే ముగించండి

దిద్దిన మనిషే "ముగిసింది" అని రాసుకోకూడదు. v0.3 పీడీఎఫ్, షీట్ రెండూ రివ్యూయర్లకు పంపి, తమ వరుసలు చూసుకుని ముగించమనండి. మళ్లీ రిపోర్ట్ మొత్తం చదవమనకండి, చదివితే కొత్త అభిప్రాయాలు పుట్టుకొస్తాయి. మారిన భాగాలు మాత్రమే చూడాలని స్పష్టంగా చెప్పండి. తీవ్రమైన తప్పు కనిపిస్తే మాత్రం ఎప్పుడైనా చెప్పొచ్చని కూడా చెప్పండి.

7. ఆమోదానికి ముందు ఫైల్ శుభ్రం చేయండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వర్డ్‌లో `No Markup` పెడితే మార్పులు కనబడవు, అంతే. అవి ఫైల్‌లోనే ఉంటాయి. ఇంకొకరు తెరిచి `All Markup` పెడితే తీసేసిన వాక్యాలన్నీ బయటపడతాయి. `Lock Tracking` ఇంకా ఉంటే ముందు దాన్ని తీసేసి `Accept All Changes` నొక్కాలి, కామెంట్లు డిలీట్ చేయాలి. తర్వాత `File` > `Info` > `Check for Issues` > `Inspect Document` నడిపితే మిగిలిపోయిన కామెంట్లు, దాచిన అక్షరాలు ఉంటే చెబుతుంది. దీన్ని కాపీ మీద నడపండి, తీసేసినవి తిరిగి రాకపోవచ్చు.

లైన్ నంబర్లు, "డ్రాఫ్ట్" వాటర్‌మార్క్ తీసేయండి. `Ctrl+A`, ఆపై `F9` నొక్కితే విషయసూచిక, పట్టికల నంబర్లు తాజా అవుతాయి. హెడర్, ఫుటర్ లోపలివి దీనితో మారకపోవచ్చు, అక్కడికి వెళ్లి విడిగా చూడండి.

8. సంతకం ఒక ఫైల్‌కు కట్టి ఉండాలి

ఒకచోట పనిచేసినప్పుడు సంతకాల పేజీని విడిగా స్కాన్ చేసి రిపోర్ట్ ముందు అతికించేవాళ్లం. ఆ పేజీ మీద రిపోర్ట్ పేరు ఉండేది, వెర్షన్ ఉండేది కాదు. సంతకం అయ్యాక ఎవరో ఒక పట్టిక సరిచేసి, అదే సంతకం పేజీని కొత్త ఫైల్‌కు పెట్టి ఇంకో విభాగానికి పంపారు. రెండు రిపోర్టులకూ సంతకం ఉంది. సంతకం పెట్టిన అధికారి తాను ఏది చూశారో చెప్పలేకపోయారు. ఆయన అబద్ధం చెప్పలేదు, తేడా చెప్పే గుర్తు కాగితం మీదే లేదు. ఈ వ్యాసంలో మిగతావేవీ చేయకపోయినా ఈ మెట్టు మాత్రం చేయమని అడుగుతున్నాను.

వరుస ఇది. ముందు చివరి డ్రాఫ్ట్ v0.3ను ఆమోదించే అధికారికి చదవడానికి ఇవ్వండి. ఆయన కామెంట్లూ షీట్‌లోకి వస్తాయి, వాటితో v0.4 అవుతుంది. "ఇక కామెంట్లు లేవు" అని ఆయన రాశాకే v1.0 చేయండి. v0.4కు, v1.0కు మధ్య వెర్షన్ నంబర్, తేదీ, వాటర్‌మార్క్, లైన్ నంబర్లు, వెర్షన్ల పట్టిక మాత్రమే మారాలి. `Compare` మళ్లీ నడిపి అది నిజమని చూపించండి. తేడాలు ఇంతే కాబట్టి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

అప్పుడు v1.0ను పీడీఎఫ్ చేయండి. ఎక్కువకాలం దాచాల్సిన రిపోర్ట్ అయితే సేవ్ చేసేటప్పుడు `Options`లో `PDF/A` ఎంచుకోండి. ఫాంట్లు ఫైల్‌లోనే ఉండిపోతాయి కాబట్టి పదేళ్ల తర్వాత వేరే కంప్యూటర్‌లోనూ అక్షరాలు చెదరవు. ఈ పని సంతకానికి ముందే చేయాలి. సంతకం తర్వాత ఫైల్‌ను మార్చి మళ్లీ సేవ్ చేస్తే డిజిటల్ సంతకం చెల్లదు.

సంతకానికి మూడు దారులు:

- డిజిటల్ సంతకం. అన్నిటికంటే గట్టిది. సంతకం తర్వాత ఫైల్ మారితే పీడీఎఫ్ రీడర్ చెప్పేస్తుంది. సంతకం బొమ్మను అతికించడం డిజిటల్ సంతకం కాదు, ఆ రెండింటినీ కలిపేయకండి.
- కాగితం మీద సంతకం. అయితే ఆ పేజీ మీదే రిపోర్ట్ పేరు, వెర్షన్, తేదీ, మొత్తం పేజీల సంఖ్య అచ్చయి ఉండాలి. విడి పేజీ కాకుండా రిపోర్ట్ మొత్తాన్ని కలిపి స్కాన్ చేయండి.
- మెయిల్‌లో ఆమోదం. "ఓకే" అన్న ఒక్క మాట సరిపోదు. "`roof-inspection_v1.0.pdf`, 46 పేజీలు, ఆమోదిస్తున్నాను" అని ఉండాలి. ఆయనకు రాయడానికి తీరిక లేకపోతే మీరే ఆ వాక్యం రాసి పంపి, దానికి జవాబు తీసుకోండి. ఆ మెయిల్‌ను ఫైల్‌గా సేవ్ చేసి రిపోర్ట్ పక్కనే పెట్టండి.

సంతకం పెట్టబోతూ ఆయనకు ఇంకో తప్పు కనబడితే? సంతకం లేని ఆ v1.0 పీడీఎఫ్‌ను అన్నిచోట్లా తీసేయండి, v0.5గా దిద్ది మళ్లీ ఇదే దారిలో రండి. v1.0 అనే పేరుతో రెండు వేర్వేరు ఫైళ్లు ఒక్క గంట కూడా తిరగకూడదు.

9. వేలిముద్ర తీసి `03_record`లో పెట్టండి

హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి:

```
certutil -hashfile roof-inspection_v1.0.pdf SHA256
```

మ్యాక్‌లో అయితే:

```
shasum -a 256 roof-inspection_v1.0.pdf
```

వచ్చే 64 అక్షరాల వరుసను ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోండి. డిజిటల్ సంతకం వాడితే సంతకం పడ్డాకే హ్యాష్ తీయాలి, ఎందుకంటే సంతకం కూడా ఫైల్‌ను మారుస్తుంది. ముందే తీస్తే ఎప్పటికీ సరిపోలదు, అనవసరంగా టెన్షన్ పడతారు. మెయిల్ ఆమోదం అయితే అధికారికి పంపే ముందే తీసి, ఆ వరుసను ఆమోదం మెయిల్‌లోనే ఉంచండి.

`03_record`లో ఉండాల్సినవి: సంతకం అయిన పీడీఎఫ్, హ్యాష్ ఫైల్, ముగిసిన కామెంట్ల షీట్, ఆమోదం మెయిల్. వర్డ్ ఫైల్ `01_drafts`లోనే ఉండనివ్వండి. రికార్డు పక్కన మార్చగలిగే ఫైల్ ఉంటే ఎవరో ఒకరు దాన్నే తెరుస్తారు. రిపోర్ట్ అడిగినవాళ్లకు అటాచ్‌మెంట్ కాకుండా ఆ ఫోల్డర్ లింక్ పంపండి. డ్రాఫ్టులు ఎంతకాలం ఉంచాలన్నది మీ సంస్థ నియమం చూసి చేయండి. ఆ రిపోర్ట్ మీద వివాదం లేదా విచారణ నడుస్తుంటే మాత్రం దేన్నీ తీయకండి.

10. ఆమోదం తర్వాత తప్పు బయటపడితే

నిశ్శబ్దంగా పీడీఎఫ్ మార్చి పెట్టకండి, అక్షరదోషమైనా సరే. v1.1 చేయండి. వెర్షన్ల పట్టికలో ఏం మారింది, ఎందుకు మారింది రాయండి, మళ్లీ సంతకం తీసుకోండి. v1.0ను తీసేయకుండా `03_record` లోపల `superseded` అనే ఫోల్డర్‌లోకి జరపండి. అప్పటికే ఎవరైనా దాన్ని చూసి పని మొదలుపెట్టి ఉండొచ్చు. వాళ్లు ఏం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారో చూపించాలంటే ఆ ఫైల్ ఉండాలి. v1.0 ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ v1.1 లింక్, మారిన వాక్యం రాసి పంపండి.

పని సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూడండి

ఈ రిపోర్ట్‌తో సంబంధం లేని సహోద్యోగిని పిలిచి, "ఆమోదించిన స్లాబ్ రిపోర్ట్ తెరువు" అని మాత్రం చెప్పండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా సరైన ఫైల్ తెరవగలగాలి. తెరిచాక హ్యాష్ మళ్లీ తీయించి, రాసి ఉన్నదానితో పోల్చమనండి.

తర్వాత కామెంట్ల షీట్‌లో ఏవైనా మూడు వరుసలు ఎంచుకోమనండి, వాటిలో ఒకటి "ఒప్పుకోలేదు" అన్నది కావాలి. ఆ మూడింటికీ సంతకం అయిన పీడీఎఫ్‌లో ఏమైందో ఆయనే వెతికి చెప్పాలి. మన రిపోర్ట్‌లో కామెంట్ 17 ఎంచుకుంటే సారాంశంలో 11, పట్టిక 4లో 11 వరుసలు, మరమ్మతు లెక్కలో 11 పగుళ్ల పొడవు కనబడాలి. ఎక్కడైనా 12 మిగిలి ఉంటే రిపోర్ట్ ఇంకా పూర్తి కాలేదు, v1.1 మొదలుపెట్టాల్సిందే.